వ్యూపోర్టులో బాగున్న చెయ్యి రెండర్‌లో ఎందుకు మెలి తిరుగుతుంది? ఆయిలర్ కర్వుల ఫ్లిప్: సమస్య - పరిష్కారం

సమస్య: ఒక్క ఫ్రేములో మాత్రం చెయ్యి పులిమేసినట్టు వస్తుంది

వ్యూపోర్టులో ప్లే చేస్తే అంతా శుభ్రంగా ఉంటుంది. ఫ్రేము ఫ్రేముగా నడిపి చూసినా ఎక్కడా తప్పు దొరకదు. రెండర్ వచ్చాక ఒకే ఒక్క ఫ్రేములో, మోషన్ బ్లర్ ఉన్నచోట, మోచేతి నుంచి వేళ్ల దాకా గిర్రున తిరిగినట్టు ఒక మరక కనిపిస్తుంది. వెంటనే అందరూ స్కిన్ వెయిట్లు సరిచేస్తారు, రెండర్ శాంపిల్స్ పెంచుతారు, లైటింగ్ వాళ్లతో వాదిస్తారు. గ్రాఫ్ ఎడిటర్ తెరిచి ఆ కంట్రోల్ రొటేషన్ కర్వులు మూడింటినీ కలిపి చూసేవాళ్లు మాత్రం తక్కువ. దయచేసి ముందు అదే చూడండి, ఒక్క నిమిషం పని.

నేను రెండు రోజులు పోగొట్టుకున్న షాట్ ఇలాంటిదే. మాయాలో రిగ్, కుడి భుజానికి FK కంట్రోల్, మాయా మామూలుగా ఇచ్చే xyz రొటేట్ ఆర్డర్. X అక్షం చెయ్యి పొడవునా ఉంటుంది, Y నిలువుగా ఉంటుంది. మోషన్ క్యాప్చర్ డేటాని కన్‌స్ట్రెయింట్ ద్వారా ఎక్కించి బేక్ చేశాం. పాత్ర కుడి చేతిని ముందుకు చాచి, అక్కడి నుంచి ఎడమవైపుకి దాటిస్తుంది. గ్రాఫ్ ఎడిటర్‌లో ఉన్న విలువలు ఇవి:

```
frame   rotateX   rotateY   rotateZ
141        10        89       -20
142      -170        89       160
```

చూడగానే 142లో ఏదో పాడైందనిపిస్తుంది. నిజానికి ఆ పోజు సరిగ్గానే ఉంది. ఆయిలర్ కోణాల్లో ప్రతి పోజునీ రెండు రకాలుగా రాయొచ్చు: మొదటి, చివరి అక్షాలకు 180 కలిపి, మధ్య అక్షాన్ని 180 నుంచి తీసేస్తే అదే పోజు వస్తుంది. మా చెయ్యి 142లో ఉండాల్సింది (10, 91, -20) దగ్గర. బేక్ చేసేటప్పుడు మాయా మ్యాట్రిక్స్ నుంచి కోణాలను వెనక్కి లెక్కగడుతుంది, ఆ లెక్కలో మధ్య అక్షం ఎప్పుడూ -90కీ 90కీ మధ్యలోనే వస్తుంది. అందుకని 91 అని రాయలేక అదే పోజుని (190, 89, 160) అని రాసింది. 190ని ±180 లోపలికి తెస్తే -170. ఒకే పోజు, వేరే అంకెలు. అందుకే ఫ్రేము మీద నిలబడి ఎంతసేపు చూసినా తప్పు దొరకదు.

తప్పంతా రెండు ఫ్రేముల మధ్యలో ఉంది. మోషన్ బ్లర్‌కి రెండరర్ 141.5 లాంటి చోట్ల కూడా రిగ్‌ని అడుగుతుంది. కర్వుకి పోజులతో పని లేదు, రెండు అంకెల మధ్య గీత గీసి (-80, 89, 70) అని జవాబిస్తుంది. Y తొంభై దగ్గరున్నప్పుడు X, Z రెండూ ఒకే అక్షం చుట్టూ తిప్పుతాయి. గింబల్ లాక్ అంటే ఇదే. అప్పుడు చెయ్యి మెలిక ఎంతో తేల్చేది X నుంచి Zని తీసేస్తే వచ్చే అంకె. 141లో అది 30. 141.5లో -150. అంటే అర ఫ్రేములో చెయ్యి తనచుట్టూ తాను 180 డిగ్రీలు మెలి తిరిగింది, 142కి వచ్చేసరికి పూర్తి చుట్టు చుట్టి మళ్లీ సరైన చోట నిలిచింది. మోచెయ్యి వంగి ఉంటే ముంజేయి గాలిలో ఒక చక్రం గీసినట్టే. మరక అదే.

నన్ను అసలు తప్పుదారి పట్టించింది ఇంకొకటి. అదే షాట్‌లో ఎనభై ఫ్రేముల ముందు కూడా ఇలాంటి దూకుడే ఉంది, అక్కడ రెండర్‌లో ఏమీ కనపడలేదు. దాంతో ఫ్లిప్ కారణం కాదని పక్కన పెట్టేశాను. తర్వాత అంకెలు రాసుకుంటే అర్థమైంది: అక్కడ (10, 89, 20) నుంచి (-170, 89, -160)కి దూకింది. X, Z రెండూ ఒకే దిక్కుకి కదిలాయి కాబట్టి తేడా -10 దగ్గరే ఉండిపోయింది, మెలిక రాలేదు. Y ప్లస్ తొంభై దగ్గరున్నప్పుడు X, Z గుర్తులు ఒకటే అయితే దూకుడు దాక్కుంటుంది. ఒకటి ప్లస్, ఒకటి మైనస్ అయితే చుట్టు తిరుగుతుంది. కనుక ఒకచోట కనపడలేదని మరోచోట వదిలేయకండి.

తేల్చుకోవడానికి స్క్రిప్ట్ ఎడిటర్‌లో MEL ట్యాబ్‌లో ఇది నడిపి చూడండి:

```
currentTime 141.5;
```

చెయ్యి వ్యూపోర్టులోనే తిరగబడి కనిపిస్తుంది.

పరిష్కారం

కంట్రోల్ ఎంచుకుని గ్రాఫ్ ఎడిటర్‌లో rotateX, rotateY, rotateZ మూడింటినీ కలిపి పట్టుకోండి, Curves > Euler Filter నొక్కండి. మూడూ కలిపే ఇవ్వాలి. ఒక్క కర్వే ఇస్తే దానికి రెండో రాత తెలిసే దారి లేదు. 142 విలువ (10, 91, -20)కి మారితే పని అయినట్టే. మళ్లీ 141.5కి వెళ్లి చూడండి.

వరస ముఖ్యం. ఫిల్టర్ ప్రతి కీని దాని ముందు కీతో పోల్చి, దగ్గరగా ఉన్న రాతను ఎంచుకుంటుంది. కాబట్టి బేక్ అవ్వగానే, ప్రతి ఫ్రేముకీ కీ ఉన్నప్పుడే నడపాలి. ముందు కీలు తగ్గించి తర్వాత ఫిల్టర్ నడిపితే, రెండు కీల మధ్య చెయ్యి నిజంగా ఎటు తిరిగిందో దానికి తెలియదు, తప్పు రాతను ఎంచుకోవచ్చు. ఇంకా బేక్ చేయని కన్‌స్ట్రెయింట్ మీద ఫిల్టర్ పనిచేయదు, అక్కడ కర్వులే లేవు.

సమస్య: చేత్తో పెట్టిన రెండు కీలూ బాగున్నాయి, మధ్యలో చెయ్యి వంకర దారి పడుతుంది

ఇది ఫిల్టర్‌తో పోదు. రొటేట్ టూల్‌ని Gimbal మోడ్‌లో పెట్టి చూడండి. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడిపోతుంటే రొటేట్ ఆర్డర్ ఆ పనికి సరిపోలేదు. ఆర్డర్‌లో మధ్య అక్షరమే తొంభై దగ్గర లాక్ అవుతుంది, కాబట్టి అన్నిటికంటే తక్కువ తిరిగే అక్షాన్ని మధ్యలో పెట్టాలి. మణికట్టుకి ఇది తేలిక: పక్కలకి వంగేది మామూలుగా నలభై డిగ్రీలకు మించదు, దాన్ని మధ్యలో పెడితే చాలు. భుజానికి ఏ ఆర్డరూ పూర్తిగా సరిపోదు, ముందుకీ కిందకీ రెండువైపులా తొంభై దాటుతుంది. షాట్ ఏది ఎక్కువ అడుగుతుందో చూసి ఎంచుకోవాలి. కీలు పెట్టాక rotateOrder మారిస్తే పోజులన్నీ చెదిరిపోతాయి, యానిమేటర్ మొదలుపెట్టకముందే తేల్చండి.

"క్వాటర్నియన్‌లోకి మార్చేస్తే సరిపోదా?"

చాలాసార్లు సరిపోతుంది. Curves > Change Rotation Interp లో Quaternion Slerp పెడితే రెండు పోజుల మధ్య దగ్గరి దారినే వెళ్తుంది, గింబల్ లాక్ ఉండదు. కానీ ఎప్పుడూ దగ్గరి దారే. 0 నుంచి 270కి కీ పెడితే వెనక్కి 90 తిరుగుతుంది. 360కి పెడితే కదలనే కదలదు. చక్రాలకీ ఫ్యాన్లకీ పనికిరాదు. పైగా ఒక్కో అక్షం కర్వుని విడిగా మలుచుకునే వీలు పోతుంది.

బ్లెండర్‌లో పోజ్ బోన్లు మామూలుగానే క్వాటర్నియన్‌లో ఉంటాయి, అయినా ఫ్లిప్ వస్తుందని అడుగుతుంటారు. అక్కడ W, X, Y, Z నాలుగూ విడివిడి కర్వులు. ఒక క్వాటర్నియన్, దాని నాలుగు గుర్తులూ తిరగేసినది ఒకే పోజు. ఒక కీ (1, 0, 0, 0), తర్వాతి కీ (-0.966, 0, -0.259, 0) అనుకోండి. తిరగాల్సింది 30 డిగ్రీలే, కానీ W సున్నా మీదుగా దిగుతుంది కాబట్టి బోన్ చుట్టూ తిరిగి 330 డిగ్రీల దారిలో వస్తుంది. రెండో కీ గుర్తులు నాలుగూ తిరగేయండి, తర్వాతి కీలన్నిటినీ ముందు కీతో అలాగే సరిచూడండి.

మిగతావి

మిర్రర్ చేసిన చేతికి నెగటివ్ స్కేల్ మిగిలిపోవడం అరుదు, ఉంటే ఛానెల్ బాక్స్‌లో కనిపిస్తుంది. రెండు టార్గెట్లున్న ఓరియెంట్ కన్‌స్ట్రెయింట్ ఫ్లిప్ అవుతుంటే దాని Interp Type ని Shortest చేసి చూడండి. IK మోకాలు తిరగబడితే అది పోల్ వెక్టర్ సంగతి, ఈ కర్వుల్లో వెతక్కండి.