కేస్ రిపోర్టు పంపేముందు: పేరు తీసేసినా రోగి ఎందుకు దొరికిపోతున్నారు?

పేరు, ఐపీ నంబరు, స్కాన్ ఫిల్మ్ మూలనున్న అక్షరాలు తీసివేయాలని అందరికీ తెలుసు కనుక వాటి జోలికి పోవడం లేదు.

సమస్య: పేరు లేకపోయినా రోగి ఎవరో తెలిసిపోతోంది.

విడివిడిగా ఏ హానీ చేయని వివరాలు ఒకచోట చేరడమే దీనికి కారణం. ఉదాహరణకు కల్పించిన ఈ వాక్యం చూడండి: "మిర్చి యార్డులో హమాలీగా పనిచేసే 47 ఏళ్ల పురుషుడు, నాటు వైద్యుడిచ్చిన పొడి వాడి, మార్చి 14న కామెర్లతో చేరారు." ఇందులో ఊరి పేరు లేదని రచయిత నిశ్చింతగా ఉంటారు. కానీ మొదటి పేజీలో రచయితల పేర్ల కిందే ఆసుపత్రి, గుంటూరు అని అచ్చవుతుంది. ఆ ఊరికి ఈ వృత్తి, వయసు, తేదీ కలిస్తే యార్డులో ఎవరైనా మనిషిని గుర్తుపట్టగలరు; ఆ వారం జిల్లా ఎడిషన్‌లో నాటు మందు గురించి వార్త వచ్చి ఉంటే ఇక చెప్పనక్కరలేదు.

పరిష్కారం ఏమిటంటే, రోగనిర్ధారణకు పనికిరాని ప్రతి వివరాన్నీ తీసివేయాలి. పురుగుమందు విషప్రభావమైతే వృత్తి ఉండాలి, ఇక్కడ అక్కరలేదు. "నలభైలలో ఉన్న పురుషుడు" చాలు. తేదీకి బదులు "పొడి మొదలుపెట్టిన 19వ రోజున" అంటే వైద్యపరంగా మరింత ఉపయోగం కూడా. అయితే గుర్తు తెలియకూడదని 47ను 52గా, పురుషుణ్ణి స్త్రీగా మార్చేవారున్నారు. అది గోప్యత కాదు, తప్పుడు సమాచారం. కళ్లపై నల్లపట్టీ వేసిన ఫోటో సరిపోదని అంతర్జాతీయ వైద్య పత్రికల సంపాదకుల సంఘం మార్గదర్శకాలే చెబుతున్నాయి. అడ్మిషన్ రోజు చికిత్సకు తీసుకున్న సంతకం ప్రచురణకు అనుమతి కాదు: చిత్తుప్రతిలో ఏముందో రోగికి తెలుగులో వివరించి విడిగా సంతకం తీసుకోవాలి. దాదాపు అందరూ వదిలేసేది ఇదే.

సమస్య: "పొడి వల్లే కాలేయం దెబ్బతింది" అన్న వాక్యాన్ని సమీక్షకులు కొట్టేస్తున్నారు.

ముందు పొడి, తరువాత కామెర్లు అన్నది వరుస మాత్రమే. హెపటైటిస్ ఎ, బి, సి పరీక్షలు చేయించి, హెపటైటిస్ ఈ పరీక్షను వదిలేసిన చిత్తుప్రతులు ఎన్నో కనిపిస్తాయి. నీటి ద్వారా వ్యాపించే ఆ వైరస్ మన దేశంలో కామెర్లకు సాధారణ కారణం. ఏ పరీక్షలు చేశారో, పొడి ఆపాక ఎన్ని రోజులకు ఎంజైములు తగ్గాయో రాసి, "పొడితో సంబంధం ఉండవచ్చు" అనండి. పొడిని విశ్లేషించకపోతే ఆ మాట కూడా చెప్పాలి.

సమస్య: నేర్చుకోవలసిన అంశం లేదు.

"ఇది అరుదైన కేసు" అనేది అంశం కాదు. చదివిన డాక్టరు రేపటి ఓపీలో ఏం మార్చుకోవాలో ఒక వాక్యంలో రాయాలి: "కామెర్ల రోగిని పొడులు, కషాయాల గురించి విడిగా అడగాలి, హెపటైటిస్ ఈ ఫలితం రాకుండా వాటిపై నింద మోపకూడదు." ఆ వాక్యానికి ఆధారం చర్చ విభాగంలో కనిపించకపోతే, వాక్యాన్ని కాక చర్చను తిరగరాయండి.

ఫైల్ ప్రాపర్టీస్‌లో పేరు మిగిలిపోయిందేమో కూడా ఒకసారి చూడండి.