మార్కెట్ కుప్పకూలిన రోజు ఇటీఎఫ్ చార్ట్‌ను ఎలా చదవాలి: ధరకూ ఎన్‌ఏవీకీ మధ్య తేడా వచ్చినప్పుడు

ఇటీఎఫ్ చార్ట్‌లో కనిపించే ధరలో రెండు విషయాలు కలిసి ఉంటాయి. లోపలున్న షేర్లు, బాండ్ల విలువ, అంటే ఎన్‌ఏవీ, ఒకటి. ఆ విలువ కంటే ఎంత ఎక్కువకో తక్కువకో యూనిట్ చేతులు మారుతోందన్నది రెండోది. మామూలు రోజుల్లో ఈ రెండోది పైసల్లోనే ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. అమ్మకాలు వెల్లువెత్తినప్పుడు మాత్రం చార్ట్‌ను పాడుచేసేది అదే.

```
తేడా % = (ధర − ఎన్‌ఏవీ) ÷ ఎన్‌ఏవీ × 100
```

ప్లస్ వస్తే ప్రీమియం, మైనస్ వస్తే డిస్కౌంట్.

సమస్య 1: ఇండెక్స్‌లో లేని పొడవాటి విక్ ఇటీఎఫ్‌లో ఉంది

2015 ఆగస్టు 24, సోమవారం. అమెరికాలో ఎస్ అండ్ పీ 500 ఇండెక్స్ ఉదయం సుమారు 5 శాతం పడింది. అదే ఇండెక్స్‌ను అనుసరించే IVV అనే ఇటీఎఫ్ మాత్రం కొద్ది నిమిషాల పాటు ముందు ముగింపు కంటే దాదాపు 26 శాతం కిందికి వెళ్ళి, మళ్ళీ లేచింది.

కారణం: ఆ ఉదయం చాలా షేర్లలో ట్రేడింగ్ ఆలస్యంగా మొదలైంది. తెరుచుకోని షేర్లకు శుక్రవారం ధరే లెక్కలోకి వచ్చింది కాబట్టి, ట్రేడింగ్ వేళల్లో స్క్రీన్ మీద కనిపించే అంచనా ఎన్‌ఏవీ అయిన ఐఎన్‌ఏవీ కూడా నమ్మదగ్గదిగా లేదు. అసలు విలువ ఎంతో తెలియనప్పుడు, ఎప్పుడూ కొనుగోలు, అమ్మకం ధరలు చూపే మార్కెట్ మేకర్లు పక్కకు తప్పుకుంటారు. కొనేవాళ్ళు లేని ఆర్డర్ బుక్ మీద స్టాప్‌లాస్ ఆర్డర్లు మార్కెట్ ఆర్డర్లుగా మారి పడ్డాయి. ఆ విక్ అడుగున ఉన్నది కంపెనీల విలువ కాదు, కొనుగోలుదారులు లేని నిమిషాలు.

పరిష్కారం: ఆ అడుగును సపోర్ట్‌గా గీయకండి. ఇండెక్స్ చార్ట్‌ను పక్కన పెట్టుకుని సపోర్ట్‌ను దాని మీదే గుర్తించండి. ఇటీఎఫ్ చార్టే వాడాల్సి వస్తే ముగింపు ధరల లైన్ చార్ట్ నయం.

చాలామంది మరిచిపోయేది ఏటీఆర్, అంటే రోజువారీ ధర కదలికల సగటు. అంతవరకు 14 రోజుల ఏటీఆర్ ధరలో 1 శాతం ఉందనుకోండి. ఒక్క 26 శాతం క్యాండిల్‌తో అది (1×13 + 26) ÷ 14, అంటే దాదాపు 2.8 శాతం అవుతుంది. రెండు ఏటీఆర్‌ల దూరంలో స్టాప్ పెట్టేవారికి 2 శాతం దూరం కాస్తా 5.6 శాతమైపోతుంది. ప్రతి కొత్త లెక్కలోనూ పాత ఏటీఆర్‌కే 13 వంతులు ఉంటాయి కాబట్టి, ఆ తర్వాత 14 రోజులు మామూలుగా గడిచినా ఏటీఆర్ ఇంకా 1.6 దగ్గరే ఉంటుంది. అందుకే కొన్ని వారాల పాటు ఏటీఆర్‌ను ఇండెక్స్ నుంచే తీసుకోవాలి. అలాంటి ఉదయం అమ్మక తప్పకపోతే లిమిట్ ఆర్డర్‌తోనే అమ్మండి.

సమస్య 2: ధర ఎన్‌ఏవీ కంటే 5 శాతం తక్కువలో ముగిసింది, చౌకగా కనిపిస్తోంది

2020 మార్చి 19న అమెరికా కార్పొరేట్ బాండ్ల ఇటీఎఫ్ LQD దాదాపు 5 శాతం డిస్కౌంట్‌లో ముగిసింది. మొదటి సమస్యకు ఇది అచ్చంగా తలకిందులు. ఇక్కడ అనుమానించాల్సింది ధరను కాదు, ఎన్‌ఏవీని.

కారణం: చాలా కార్పొరేట్ బాండ్లు రోజూ ట్రేడ్ కావు. వాటి విలువను అంచనా వేసి ఎన్‌ఏవీ కడతారు కాబట్టి, వేగంగా పడే మార్కెట్లో అది వెనకబడుతుంది. ఇటీఎఫ్‌లో మాత్రం నిమిషం నిమిషం బేరం జరుగుతూనే ఉంటుంది.

పరిష్కారం: చార్ట్‌ను ఉన్నదున్నట్టే చదవండి, ఆ అడుగు నిజమైనదే. డిస్కౌంట్‌ను మాత్రం లాభం అనుకోకండి. ధర పైకి రాకుండా ఎన్‌ఏవీయే కిందికి దిగి కూడా ఆ తేడా పూడొచ్చు. LQD విషయంలో మార్చి 23న ఫెడరల్ రిజర్వ్ ఇలాంటి ఇటీఎఫ్‌లను కూడా కొంటామని ప్రకటించడంతో ధర ఎగిరింది. అది బయటి నుంచి వచ్చిన సాయం, డిస్కౌంట్ తనంతట తాను ఇచ్చింది కాదు.

ఎన్‌ఏవీని ఎంతవరకు నమ్మొచ్చో తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: లోపలి సరుకు ఈ క్షణంలో నిజంగా ట్రేడ్ అవుతోందా? అవుతుంటే ఎన్‌ఏవీని నమ్మండి. లేకపోతే ఎన్‌ఏవీ పాతది కావచ్చు.

సమస్య 3: నాస్‌డాక్ 5 శాతం పడితే మన దగ్గరి నాస్‌డాక్ ఇటీఎఫ్ 12 శాతం పడింది

కారణం: విదేశీ పెట్టుబడుల పరిమితి నిండితే ఫండ్ సంస్థలు కొత్త యూనిట్లు సృష్టించలేవు, దాంతో ప్రీమియం పేరుకుంటుంది. 10 శాతం ప్రీమియంలో ఉన్న యూనిట్ భయంతో 2 శాతం ప్రీమియానికి దిగిందనుకోండి. 0.95 × 1.02 ÷ 1.10 = 0.88. సుమారు 12 శాతం నష్టం, అందులో 7 శాతం దాకా ప్రీమియం కరిగిపోయినదే.

పరిష్కారం: ఇటీఎఫ్ ముగింపు ధరను ఆ రోజు ఎన్‌ఏవీతో భాగించి, ఆ నిష్పత్తిని విడిగా గ్రాఫ్ గీయండి. ట్రెండ్ కోసం రూపాయల్లోకి మార్చిన ఇండెక్స్‌ను చూడండి. మన మార్కెట్ వేళల్లో అమెరికా మార్కెట్ మూసి ఉంటుంది కాబట్టి, పగటిపూట పోలికకు నిన్నటి ఎన్‌ఏవీ సరిపోదు. నాస్‌డాక్ ఫ్యూచర్స్ కదలికనూ డాలర్ రేటునూ కలుపుకుని లెక్కించాలి. అలా చేసినా చేతికొచ్చేది అంచనాయే, కాబట్టి అర శాతం, ఒక శాతం తేడాలను బట్టి కొనడం, అమ్మడం వద్దు.