తాటాకు ఫొటో చూసి ఎత్తిరాయడం: ఎగిరిపోయిన అక్షరాలను లెక్కించిన తీరు

పరకాల వైపు బంధువుల ఇంట్లోని ఒక పద్యకావ్యం తాటాకులను ఫొటోల నుంచి టైపు చేస్తున్నాను. ఆకులో వరుస పొడవు, అది తెరమీద రెండుగా విరిగి వరుస సంఖ్యలు తప్పిపోయేవి. పగుళ్లలో ఎన్ని అక్షరాలు పోయాయో తెలిసేది కాదు. ఫొటో పెద్దది చేయడం, వెలుతురు పెంచడం, పద్యం చొప్పున రాసుకోవడం, ఏదీ పనికి రాలేదు.

చివరికి, నోట్‌ప్యాడ్‌లో వరుస మడత పడకుండా చేసి, ప్రతి వరుస ముందూ దాని చిరునామా రాశాను. ఏడో ఆకు ముందువైపు మూడో వరుస 7అ.3, వెనుకవైపు అయితే 7ఆ.3. పద్యం మధ్యలో ఆగినా సరే, ఆకులో వరుస ముగిసిన చోటే నా వరుసా ముగియాలి. తాడు రంధ్రానికి ○ పెట్టాను. పగిలినా అక్షరం తెలుస్తుంటే /, అనుమానమైతే (క), పూర్తిగా పోతే [...], అక్షరానికొక చుక్క.

చుక్కలెన్నో ఛందస్సు చెప్పింది. 7అ.3లో ఉత్పలమాల పాదం ఉంది. పాదానికి 20 అక్షరాలు. పగులుకు ముందు 8, తర్వాత 9 మిగిలాయి, కాబట్టి పోయినవి 3. తొమ్మిదోది లఘువు, పదోది గురువు, పదకొండోది లఘువు. పదోది యతిస్థానం కూడా, కనుక పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాలి. ఊహించిన పదాన్ని మాత్రం పాఠంలో చేర్చలేదు, పక్కన వేరుగా రాశాను.

ఇది వృత్తాలకే సరిగ్గా పనిచేస్తుంది. కందంలో మాత్రల లెక్కే తప్ప అక్షరాల సంఖ్య మారుతుంటుంది. వచనమైతే పై వరుసలో అంతే వెడల్పులో పట్టిన అక్షరాలను బట్టి అంచనా వేయాలి. లేఖకుడే అక్షరం వదిలేసి ఉంటే నా లెక్కా తప్పవచ్చు.