కంపెనీ మీటింగులు సొంతంగా నేర్చుకుందాం, 4వ భాగం: ఆర్డినరీ రిజల్యూషన్, స్పెషల్ రిజల్యూషన్

పోయిన భాగంలో నోటీసు, కోరం అంటే మీటింగు జరగడానికి కావలసిన కనీస హాజరు చూశాం కదా, ఇప్పుడు ఓట్ల లెక్కకి వద్దాం. ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా దాంతోనే వెళ్దాం. గుంటూరులో ముగ్గురు కలిసి పెట్టుకున్న మిర్చి కోల్డ్ స్టోరేజీ, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అనుకోండి. మొత్తం 10,000 షేర్లు. అన్నకి 5,200, తమ్ముడికి 2,800, బావగారికి 2,000. ముగ్గురూ డైరెక్టర్లే.

మెంబర్లు ఓటేసి చేసే తీర్మానాన్ని రిజల్యూషన్ అంటారు, అందులో ఆర్డినరీ, స్పెషల్ అని రెండు రకాలు, 2013 కంపెనీల చట్టం 114వ సెక్షన్‌లో రెండిటి లెక్కా ఉంది. ఆర్డినరీ అయితే అనుకూలంగా పడ్డ ఓట్లు వ్యతిరేకంగా పడ్డవాటికంటే ఒక్కటి ఎక్కువున్నా చాలు. స్పెషల్ అయితే అనుకూలం ఓట్లు వ్యతిరేకం ఓట్లకి కనీసం మూడు రెట్లు ఉండాలి. దీన్నే అందరూ 75 శాతం అంటారు కానీ దేంట్లో 75 శాతం అన్నది చాలామంది చూసుకోరు, మొత్తం షేర్లలో కాదు, పడ్డ ఓట్లలో. మీటింగుకి రానివాళ్ళు, వచ్చి ఓటెయ్యకుండా కూర్చున్నవాళ్ళు లెక్కలోనే ఉండరు.

ఇప్పుడు అన్న కంపెనీ పేరు మార్చాలన్నాడు. దానికి స్పెషల్ కావాలి. బావగారు అన్న వైపు, తమ్ముడు వద్దన్నాడు. 7,200కి 2,800. చూడ్డానికి బోలెడు మెజారిటీ, కానీ 2,800కి మూడు రెట్లంటే 8,400, కాబట్టి వీగిపోయింది. అదే తమ్ముడు అలిగి మీటింగుకి రాలేదనుకోండి, మిగతా ఇద్దరితో కోరం సరిపోతుంది, 7,200కి సున్నా, పాసైపోతుంది. అందుకే ఇష్టం లేనివాళ్ళు ఇంట్లో కూర్చోకూడదు, వచ్చి వ్యతిరేకంగా ఓటెయ్యాలి, నా దృష్టిలో ఈ పాఠంలో ముఖ్యమైన సంగతి ఇదే.

ఇంకోటి, స్పెషల్ రిజల్యూషన్‌గా పెడుతున్నాం అని నోటీసులో రాసి ఉండాలి. అది రాయకపోతే ముగ్గురూ ఒప్పుకుని ఓటేసినా చట్టం దృష్టిలో అది స్పెషల్ కాదు. పాసయ్యాక 30 రోజుల్లో MGT-14 ఫారం కంపెనీల రిజిస్ట్రార్‌కి పంపాలి.

మరి ఏది ఎక్కడ? కంపెనీ పేరు, ఆర్టికల్స్ అనే కంపెనీ లోపలి నియమాలు, వ్యాపార ఉద్దేశాలు మార్చాలన్నా, రిజిస్టర్డ్ ఆఫీసు ఊరు దాటించాలన్నా స్పెషల్. ఆడిటర్‌ని పెట్టుకోడం, లెక్కలు ఆమోదించడం, డివిడెండ్ ప్రకటించడం లాంటి మామూలు పనులకి ఆర్డినరీ చాలు. జనం తికమకపడేది మాత్రం రెండు చోట్ల.

మొదటిది డైరెక్టర్‌ని తీసెయ్యడం. ఇంత పెద్ద విషయం కదా స్పెషల్ కావాలేమో అనుకుంటారు, కాదు, 169వ సెక్షన్ ప్రకారం మామూలుగా ఆర్డినరీ సరిపోతుంది. కాకపోతే మీటింగుకి కనీసం 14 రోజుల ముందు కంపెనీకి స్పెషల్ నోటీసు ఇవ్వాలి, తీసేస్తున్న మనిషికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. స్పెషల్ నోటీసు వేరు, స్పెషల్ రిజల్యూషన్ వేరు. మన కంపెనీలో అన్న తమ్ముణ్ణి తీసెయ్యాలంటే, తమ్ముడూ బావగారూ కలిసి ఎదురు తిరిగినా 5,200కి 4,800, పాసే. కానీ చేతులెత్తే పద్ధతిలో మనిషికో ఓటే కాబట్టి ఒకటికి రెండు అయి అన్న ఓడిపోతాడు, అప్పుడు పోల్ అడగాలి. ఆర్టికల్స్‌లో వేరేగా లేకపోతే ఓటు హక్కుల్లో పదోవంతు ఉన్నవాళ్ళెవరైనా అడగొచ్చు, షేర్ల లెక్కన ఓట్లు లెక్కపెడతారు.

రెండోది క్యాపిటల్. ఆథరైజ్డ్ క్యాపిటల్, అంటే కంపెనీ గరిష్టంగా ఇవ్వగల షేర్ల మొత్తం విలువ, పెంచడానికి, ఆర్టికల్స్‌లో వీలుంటే, ఆర్డినరీ చాలు. వీలు లేకపోతే ముందు ఆర్టికల్స్ మార్చుకోవాలి, అది స్పెషల్. పెంచాక కొత్త షేర్లు అన్న తన బామ్మర్దికి ఇవ్వాలంటే మళ్ళీ స్పెషల్ కావాలి, అక్కడ తమ్ముడు ఆపగలడు. కానీ ఉన్న షేర్‌హోల్డర్లకే వాళ్ళ వాటా లెక్కన రైట్స్ ఇష్యూ ఇస్తే బోర్డు నిర్ణయం చాలు, మెంబర్ల ఓటింగే అక్కర్లేదు. ఒకటికి ఒకటి ఇచ్చారనుకోండి, తమ్ముడి దగ్గర డబ్బుల్లేక తీసుకోలేదు, మిగతా ఇద్దరూ తమ వాటా తీసుకున్నారు. ఇప్పుడు అన్నకి 10,400, బావగారికి 4,000, తమ్ముడికి అవే 2,800. వాళ్ళిద్దరివీ కలిపితే 14,400, తమ్ముడి మూడు రెట్లు 8,400. పేరు మార్పు ఇప్పుడు తమ్ముడు ఎదురు ఓటేసినా పాసైపోతుంది. అంటే 25 శాతం దాటి షేర్లున్నవాళ్ళకి స్పెషల్ రిజల్యూషన్ ఇచ్చే రక్షణ శాశ్వతం కాదు, రైట్స్ ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు గడువులోపు డబ్బు కట్టగలరా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

మీకో లెక్క. షేర్లు మొదట్లో ఉన్నట్టే ఉన్నాయి, ఆర్టికల్స్ మార్చాలని అన్న పోల్‌లో అనుకూలంగా ఓటేశాడు, బావగారు వ్యతిరేకం, తమ్ముడు ఓటెయ్యలేదు. పాసైందా? 20 శాతం ఉన్న బావగారు ఒక్కరే ఆపగలిగారా లేదా వేసి చూడండి, వచ్చే భాగం దాంతోనే మొదలుపెడదాం.