మిర్చి పొడి యూనిట్ క్యాష్ ఫ్లో వేసే ముందు: వర్కింగ్ క్యాపిటల్ జాగ్రత్తలు

గుంటూరులో మూడేళ్లు మాత్రమే నడిచే మిర్చి పొడి యూనిట్ అనుకుందాం. అమ్మకాలు వరుసగా 50, 60, 45 లక్షలు. సరుకు నిల్వకు, అరువుకు కలిపి అమ్మకాల్లో 20 శాతం డబ్బు ఇరుక్కుంటుంది; అదే వర్కింగ్ క్యాపిటల్.

☐ ఆ డబ్బు అమ్మకాలకు ముందే కావాలి. యార్డులో కాయ కొన్నాకే కదా పొడి! అందుకే మొదటి ఏడాదికి కావలసిన 10 లక్షలను సున్నా ఏడాదిలోనే, అంటే యూనిట్ మొదలయ్యేనాడే, బయటికి పోయే డబ్బుగా చూపండి.

☐ తర్వాత తేడా మాత్రమే రాయండి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: రెండో ఏడాదికి 12 లక్షలు కావాలని మొత్తం 12 తీసేస్తారు. మొదటి ఏడాది చివర పోయేది 2 లక్షలే. రెండో ఏడాది చివర అవసరం 9కి తగ్గుతుంది, 3 లక్షలు వెనక్కి వస్తాయి.

☐ మూడో ఏడాది చివర మిగిలిన 9 లక్షలు రాబడి. వరుసను కూడండి: −10, −2, +3, +9. సున్నా రాకపోతే ఎక్కడో తప్పుంది.

☐ సున్నా వచ్చిందని ఈ వరుసను వదిలేయకండి. 12 శాతం డిస్కౌంట్ రేటుతో ఆ 9 లక్షల నేటి విలువ సుమారు 6.4 లక్షలే.

☐ దీనికి తరుగుదల వేయకూడదు. పెట్టిన డబ్బే తిరిగొస్తే పన్ను కూడా ఉండదు. రంగు పోయిన పొడి, రాని బాకీలు లక్ష ఉంటాయనిపిస్తే 8 లక్షలే రాయండి; అప్పుడు మొత్తం −1 రావాలి.