క్లోర్-ఆల్కలీ మెంబ్రేన్ సెల్, 4వ పాఠం: పెరిగిన యూనిట్లు ఎటు పోయాయి?

గత పాఠంలో ఉప్పునీటిని శుద్ధి చేశాం. ఇప్పుడు ఆ నీరు సెల్‌లోకి వెళ్తుంది.

సెల్‌కు రెండు గదులు. మధ్యలో సుమారు పావు మిల్లీమీటరు మందమున్న ఫ్లోరోపాలిమర్ పొర ఉంటుంది. అదే మెంబ్రేన్. ఆనోడ్ గదిలోకి లీటరుకు దాదాపు 300 గ్రాముల ఉప్పున్న నీరు వచ్చి, 210 గ్రాముల దగ్గర బయటికి పోతుంది. రుథీనియం, ఇరీడియం ఆక్సైడ్ల పూత ఉన్న టైటానియం జాలీ మీద క్లోరిన్ పుడుతుంది:

2Cl⁻ → Cl₂ + 2e⁻

సోడియం అయాన్లు మెంబ్రేన్ దాటి, కొంత నీటిని వెంటబెట్టుకుని అవతలి గదికి చేరతాయి. అక్కడ నికెల్ కాథోడ్ మీద జరిగేది ఇది:

2H₂O + 2e⁻ → H₂ + 2OH⁻

ఈ OH⁻, వచ్చిన Na⁺ కలిస్తే కాస్టిక్ సోడా. సెల్ 85-90 డిగ్రీల దగ్గర నడుస్తుంది, కాస్టిక్ 32 శాతం గాఢతతో బయటికి వస్తుంది. OH⁻కు కూడా ఆనోడ్ వైపు పోవాలనే ఉంటుంది. దాన్ని ఆపేది మెంబ్రేన్‌లో కాథోడ్ వైపున్న పలుచని కార్బాక్సిలిక్ పొర. ఆనోడ్ వైపున్న మందమైన సల్ఫోనిక్ పొర సోడియానికి సులువైన దారి ఇస్తుంది. మెంబ్రేన్‌ను తిప్పి బిగిస్తే పని చెడుతుందనేది అందుకే.

ఇక లెక్క. 2.7 చదరపు మీటర్ల సెల్ ఒకటి 15 కిలో ఆంపియర్లతో, 3.05 వోల్టులతో నడుస్తోందనుకోండి. ఫారడే నియమం ప్రకారం ఒక కిలో ఆంపియర్-గంటకు 1.492 కిలోల NaOH రావాలి. రోజుకు 15 × 24 = 360 కిలో ఆంపియర్-గంటలు, అంటే 537 కిలోలు. నిజంగా వచ్చింది 510 కిలోలైతే కరెంట్ ఎఫిషియెన్సీ 95 శాతం. దాంతోపాటు సుమారు 450 కిలోల క్లోరిన్, 13.5 కిలోల హైడ్రోజన్ వస్తాయి. ఖర్చయిన డీసీ కరెంటు 15 × 3.05 × 24 = 1098 యూనిట్లు. టన్ను కాస్టిక్‌కు 2153 యూనిట్లన్న మాట. రెక్టిఫయర్ నష్టం, పంపులు, కంప్రెసర్లు దీనికి అదనం. 32 శాతాన్ని 50 శాతానికి మరిగించే ఆవిరి ఖర్చు మరో పద్దు.

ఈ 3.05 వోల్టుల్లో దాదాపు 2.2 వోల్టులు రసాయన చర్యకే కావాలి, వాటిని తగ్గించలేం. మిగిలినది ఎలక్ట్రోడ్లు, మెంబ్రేన్, ద్రవాల నిరోధం. బేరం ఆడగలిగేది ఈ ముక్కలోనే.

ఇప్పుడు యూనిట్లు 2153 నుంచి సుమారు 2222కి పెరిగాయనుకుందాం. వోల్టేజీ 0.1 పెరిగినా అంతే వస్తుంది, ఎఫిషియెన్సీ 92 శాతానికి పడినా అంతే వస్తుంది. టన్నుకు యూనిట్ల అంకె ఒక్కటే చూసి రోగం తేల్చలేం. ఈ విషయం మరిచి మెంబ్రేన్ మార్చేయడం ఖరీదైన తొందరపాటు.

అల్లూరు మండలం ఇస్కపల్లి ఉప్పు కొఠార్లు చూసినవాళ్లకు కారణం తేలిగ్గా పట్టుబడుతుంది. సముద్రపు నీరు ఆరేటప్పుడు ఉప్పుకు ముందే జిప్సం గడ్డకడుతుంది. కాల్షియం మూలం అదే. ఉప్పు తీశాక మిగిలే చేదునీటిలో మెగ్నీషియం ఉంటుంది. ఆ నీరు సరిగా వోడ్చని ఉప్పుతో మెగ్నీషియం కూడా ఫ్యాక్టరీకి చేరుతుంది. ఉప్పునీటిని శుద్ధి చేసే రెసిన్ దాటాక ఈ రెండూ కలిపి 20 పీపీబీకి మించకూడదు. రెసిన్ అలసిపోతే దాటిపోతాయి.

మెగ్నీషియం మెంబ్రేన్ ఆనోడ్ వైపు ఉపరితలం దగ్గరే హైడ్రాక్సైడ్‌గా పేరుకుంటుంది. సోడియం దారి ఇరుకై వోల్టేజీ పెరుగుతుంది, ఎఫిషియెన్సీ మాత్రం దాదాపు నిలుస్తుంది. కాల్షియం లోపలికి చొచ్చుకుపోయి కార్బాక్సిలిక్ పొరలో స్ఫటికాలు కడుతుంది. పొర దెబ్బతిని OH⁻ ఆనోడ్ వైపుకు జారుతుంది. అక్కడ క్లోరిన్‌లో ఆక్సిజన్ శాతం, ఉప్పునీటిలో క్లోరేట్, pH పెరుగుతాయి. కాస్టిక్ తూకం వేయకముందే గ్యాస్ అనలైజర్ ఈ కబురు చెబుతుంది. ఆనోడ్ గదిలో ఆమ్లం పోస్తే ఆక్సిజన్ తగ్గినట్టు కనిపిస్తుంది గానీ పోయిన కాస్టిక్ తిరిగి రాదు.

వోల్టేజీ పెరిగిందని తేల్చేముందు ఉష్ణోగ్రత, కాస్టిక్ గాఢత, ఆంపియర్లు పాత రీడింగ్ నాటివేనా చూడండి. సెల్ నాలుగైదు డిగ్రీలు చల్లబడినా వోల్టేజీ పెరుగుతుంది, అది మెంబ్రేన్ తప్పు కాదు.

అభ్యాసం: అదే సెల్, అవే 15 కిలో ఆంపియర్లు, అదే ఉష్ణోగ్రత. వోల్టేజీ 3.15, రోజుకు వచ్చిన కాస్టిక్ 499 కిలోలు. టన్నుకు యూనిట్లు ఎన్ని? పెరిగిన వాటిలో వోల్టేజీ వాటా ఎంత, ఎఫిషియెన్సీ వాటా ఎంత? ముందు ఏ అనలైజర్ రీడింగ్ తెప్పిస్తారో కూడా రాయండి. జవాబు 5వ పాఠంలో.