మార్ఫిన్ ఇచ్చాక పిల్లాడు నిద్రపోయాడు: నొప్పి తగ్గిందా, ఊపిరి తగ్గిందా?

ఇది ఆసుపత్రిలో పిల్లలకి ఐవీ మార్ఫిన్ ఇచ్చే డాక్టర్లకీ, నర్సులకీ. ఆక్సిజన్, యాంబు బ్యాగు, సక్షన్, నాలోక్సోన్ మంచం పక్కన లేకపోతే ముందు అవి తెచ్చుకోండి, ఆ తర్వాతే ఆంప్యూల్ పగలగొట్టండి.

ఒకే కేసు పట్టుకుని చెప్తాను. ఆరేళ్ల బాబు, బరువు 18 కిలోలు, తొడ ఎముక విరిగింది, ముట్టుకుంటే అరుస్తున్నాడు. పారాసెటమాల్ ఇచ్చారు, ఏమీ తేడా లేదు.

సమస్య: ఎంతతో మొదలుపెట్టాలో, సిరంజిలో ఎంత తీయాలో తికమక

ఆరు నెలలు దాటిన, ఇంతకుముందు ఇలాంటి మందు పడని పిల్లలకి ఐవీ డోసు కిలోకి 0.05 నుంచి 0.1 మిల్లీగ్రాము. నేను ఎప్పుడూ 0.05తోనే మొదలుపెడతాను, ఎందుకంటే తక్కువైతే ఇంకాస్త ఇవ్వొచ్చు గానీ ఎక్కువైతే వెనక్కి లాగలేం. మన బాబుకి 18 × 0.05 = 0.9 మిల్లీగ్రాము. ఆరు నెలల లోపు పిల్లల్లో మందు శరీరం నుంచి నెమ్మదిగా పోతుంది కాబట్టి అందులో సగం, అంటే కిలోకి 0.025తో మొదలుపెట్టాలి, డోసుల మధ్య ఎడం కూడా పెంచాలి. బరువు కాటా మీద చూసిందే రాయాలి, అమ్మ చెప్పిన అంకె కాదు. బాగా లావున్న పిల్లలకైతే ఎత్తుకి తగ్గ బరువు లెక్కేసుకోవాలి.

అసలు తప్పు జరిగేది లెక్కలో కాదు, సిరంజిలో. ఆంప్యూల్లో ఒక మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాములు ఉందనుకోండి (15 ఉండేవీ దొరుకుతాయి, లేబుల్ చదవండి). కలపకుండా 0.9 మిల్లీలీటరు తీస్తే పిల్లాడికి వెళ్లేది 9 మిల్లీగ్రాములు, సరిగ్గా పదింతలు. అందుకే 10 మిల్లీగ్రాముల మందుకి 9 మిల్లీలీటర్ల సెలైన్ కలిపి పదికి చేయండి, అప్పుడు ఒక మిల్లీలీటరంటే ఒక మిల్లీగ్రాము, మిల్లీగ్రాముల అంకే సిరంజి మీద అంకె. సిరంజికి లేబుల్ అంటించి, రెండో మనిషితో లెక్క గట్టిగా చదివించండి. సిగ్గుపడాల్సిన పనేం కాదిది.

సమస్య: ఇచ్చి ఐదు నిమిషాలైంది, ఇంకా ఏడుస్తున్నాడు

కారణం చాలాసార్లు మన తొందరే. ఐవీ మార్ఫిన్ కాస్త మెల్లగా మెదడుకి చేరే మందు, కొన్ని నిమిషాల్లో పని మొదలైనా పూర్తి ప్రభావం కనిపించడానికి ఇంచుమించు 20 నిమిషాలు పడుతుంది. ఐదో నిమిషంలోనే టెన్షన్ పడి ఇంకో పూర్తి డోసు తోస్తే, రెండూ కలిసి ఇరవై ఐదో నిమిషంలో ఒక్కసారే పనిచేస్తాయి. డోసుని 5 నిమిషాలు తీసుకుని నెమ్మదిగా ఇవ్వండి, పది నిమిషాలు ఆగి చూడండి, నొప్పి ఇంకా ఉండి పిల్లాడు పూర్తిగా మెలకువగా ఉంటే కిలోకి 0.02 చొప్పున, అంటే ఈ బాబుకి 0.36, ఇంచుమించు 0.4 మిల్లీగ్రాము, అంతే కలపండి. అప్పటికీ అస్సలు కదలిక లేకపోతే క్యాన్యులా ఉన్న చోట వాపు ఉందేమో చూడండి, మందు కండలోకి పోతుంటే ఎంత ఇచ్చినా అంతే.

మన బాబుకి మొదట 0.9, తర్వాత రెండుసార్లు 0.4 పడింది. మొత్తం 1.7, అంటే కిలోకి 0.1కి కూడా లోపే. నొప్పి పదికి తొమ్మిది నుంచి నాలుగుకి దిగింది, మాట్లాడుతున్నాడు. అంతవరకూ బాగానే ఉంది.

సమస్య: కాలికి కట్టు కట్టగానే గాఢంగా నిద్రపోయాడు

కదలకుండా ఉంటాడని కట్టు కట్టేముందు ఎవరో కొంచెం మిడజోలం ఇచ్చారు. కట్టు బిగిసింది, ఎముక కదలడం ఆగింది, నొప్పి ఒక్కసారిగా పోయింది. పావుగంటకి గదంతా నిశ్శబ్దం, అందరికీ హాయిగా అనిపించింది. నాకైతే సరిగ్గా అప్పుడే భయమేస్తుంది.

నొప్పి ఉన్నంతసేపూ అది పిల్లాడిని కుదుపుతూ ఊపిరి ఆడిస్తూ ఉంటుంది. ఆ కుదుపు పోయాక ఒంట్లో మందు మాత్రం అంతే మిగులుతుంది. నిమిషం క్రితం సరిపోయిన డోసే ఇప్పుడు ఎక్కువవుతుంది. పైన మిడజోలం కూడా ఉంటే చెప్పక్కర్లేదు. కిడ్నీలు సరిగ్గా పనిచేయని పిల్లల్లో ఇదే ప్రమాదం గంటల తర్వాత కూడా రావచ్చు, మార్ఫిన్ మారి తయారైన పదార్థం బయటికి పోక పేరుకుంటుంది కాబట్టి.

ఎలా పసిగట్టాలి? ఊపిరి లెక్క పడిపోకముందే మత్తు పెరుగుతుంది, దాన్నే పట్టుకోవాలి. పేరు పెట్టి పిలిస్తే కళ్లు తెరిచి మాటకి మాట చెప్తే అది నిద్ర. భుజం తట్టాల్సి వచ్చి, సగం మాట అని మళ్లీ జారిపోతే ఇక మందు ఆపేయాల్సిందే. తర్వాత చొక్కా ఎత్తి ఛాతీని చూస్తూ నిండా 60 సెకన్లు లెక్కపెట్టండి, పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడం ఇక్కడ మోసం చేస్తుంది, మధ్యలో ఆగే ఊపిరి అందులో దొరకదు. గురక ఉందా, గడ్డం ఛాతీకి ఆనుకుపోయిందా, కంటిపాప గుండుసూది మొనలా చిన్నదైందా, అవీ చూడండి. మన బాబుకి మొదట్లో నిమిషానికి 28, కట్టు కట్టాక 16, తర్వాత 10.

ఇంత జరుగుతున్నా మానిటర్‌లో సాచురేషన్ 98. మాస్క్‌తో ఆక్సిజన్ పోతున్నప్పుడు ఊపిరి సగానికి పడిపోయినా ఆ అంకె చాలాసేపు కదలదు, లోపల కార్బన్ డయాక్సైడ్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. కాప్నోగ్రాఫ్ ఉంటే పెట్టండి, లేకపోతే మీ కళ్లే కాప్నోగ్రాఫ్. ప్రతి డోసు తర్వాత అరగంట దాకా ఐదు నిమిషాలకోసారి, ఆ గంట పూర్తయ్యేదాకా పావుగంటకోసారి, తర్వాత నాలుగు గంటలు గంటకోసారి మత్తు, ఊపిరి రెండూ రాయాలి.

పరిష్కారం

మందు ఆపి, గడ్డం పైకెత్తి, గట్టిగా పిలిచి ఊపిరి తీసుకోమనండి. కొంతమందికి ఇదే సరిపోతుంది. ఊపిరి ఆగిపోయినా, చాలకపోయినా ముందు యాంబు బ్యాగు, నాలోక్సోన్ తర్వాత.

గుండె కొట్టుకుంటూ ఊపిరి మాత్రం తగ్గిన బాబుకి పూర్తి ఆంప్యూల్ తోయకండి, నొప్పి ఒక్క దెబ్బకి తిరిగొచ్చి పిల్లాడు మంచం మీద నిలవడు. 400 మైక్రోగ్రాముల ఆంప్యూల్‌కి సెలైన్ కలిపి 20 మిల్లీలీటర్లు చేస్తే ఒక్కో మిల్లీలీటరులో 20 మైక్రోగ్రాములు. కిలోకి 1 మైక్రోగ్రాము చొప్పున ఈ బాబుకి 18, అంటే 0.9 మిల్లీలీటరు. మూడు నిమిషాలకోసారి, ఊపిరి తేరుకునేదాకా ఇవ్వండి. గమనించారా, మార్ఫిన్ మొదటి డోసు కూడా 0.9 మిల్లీలీటరే. ఇలా కలిపితే ఏ బరువుకైనా రెండూ ఒకే కొలత వస్తాయి, కాబట్టి లేబుల్ లేని రెండు సిరంజిలు ఒకే ట్రేలో పెట్టారంటే మీ ఇష్టం.

రెండో డోసుకి మన బాబు 16కి వచ్చాడు, కళ్లు తెరిచి నీళ్లడిగాడు. అయినా మానిటర్ తీయలేదు, ఎందుకంటే నాలోక్సోన్ గంటలోపే దిగిపోతుంది, మార్ఫిన్ మూడు నాలుగు గంటలుంటుంది. నలభై నిమిషాలకి మళ్లీ తూలాడు, నాలోక్సోన్ ఇంకో 0.9 మిల్లీలీటరు పడింది. రాత్రంతా నర్సు ఎదురుగానే ఉంచాం. తెల్లారి నొప్పి మళ్లీ మొదలైతే షీట్‌లో రాసింది 0.45 మిల్లీగ్రాము, పక్కన ఎర్ర ఇంకుతో మిడజోలం వద్దని.